ఇంటర్వ్యూలన్నీ టైప్ చేశాను... థీమ్‌లు ఎలా తీయాలి?

ప్రశ్న: ఎంఈడీ రెండో ఏడాది చదువుతున్నాను. డిసర్టేషన్ కోసం ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసే 10 మంది టీచర్లతో మాట్లాడి, రికార్డింగులన్నీ తెలుగులో టైప్ చేశాను. పని భారం, శిక్షణ, వసతులు, అధికారులు అని నాలుగు థీమ్‌లు రాసి చూపిస్తే, ఇవి థీమ్‌లు కావని గైడ్ తిప్పి పంపారు. కోడింగ్ ఎలా చేయాలి? ఇది నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?
- ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: గైడ్ చెప్పింది సరైనదే. మీరు రాసిన నాలుగూ మీ ప్రశ్నావళిలోని శీర్షికలు. ఒక్క ఇంటర్వ్యూ చేయకపోయినా వాటిని రాయొచ్చు. ‘పని భారం’ అని చదివితే టీచర్లు దాని గురించి ఏదో మాట్లాడారని తెలుస్తుంది కానీ ఏం చెప్పారో తెలియదు. వేర్వేరు ప్రశ్నలకు వేర్వేరు టీచర్లు ఇచ్చిన జవాబుల్లో మళ్లీ మళ్లీ కనిపించే ఒకే భావాన్ని పట్టుకుని చెబితే అది థీమ్ అవుతుంది. మనస్తత్వ పరిశోధకులు వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో వివరించిన ఆరు దశల థిమాటిక్ ఎనాలిసిస్ పద్ధతినే మన విద్యా విభాగాల్లోనూ చాలామంది వాడుతున్నారు. అందులో మీరు వదిలేసింది రెండో దశ, అంటే కోడింగ్. టీచర్ల మాటల్ని ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కలో ఏం చెప్పారో తెలిపే చిన్న పేరు పెట్టడమే కోడింగ్, ఆ పేరే కోడ్. ప్రశ్నల నుంచి నేరుగా థీమ్‌లకు దూకేశారు.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. మీవి ఏకోపాధ్యాయ పాఠశాలలు కాబట్టి టీచర్ పేరు తీసేసి టీ1, టీ2 అని రాసినంత మాత్రాన సరిపోదు. బడికి ఒక్కరే టీచర్ అయినప్పుడు ఊరి పేరు ఉంటే మనిషి పేరు ఉన్నట్టే. ఊరు, మండలం, పక్క ఊరి బడి పేరు కూడా మీరు టైప్ చేసిన ట్రాన్‌స్క్రిప్టులో మార్చేయండి. అసలు పేర్ల జాబితాను వేరే ఫైల్లో పాస్‌వర్డ్ పెట్టి దాచుకోండి.

తర్వాత ఎక్సెల్‌లో ఐదు నిలువు వరుసలు పెట్టుకోండి: టీచర్ సంఖ్య, ట్రాన్‌స్క్రిప్టులో లైన్ నంబరు, టీచర్ అన్న మాట, కోడ్, మీ నోట్. ఒక విషయం పూర్తయ్యేంత వరకు ఒక ముక్కగా తీసుకోండి. అది ఒక వాక్యం కావచ్చు, నాలుగు కావచ్చు. కోడ్లు తెలుగులోనే రాయండి. ముందే ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటే మీరు కోడ్ చేసేది టీచర్ మాటను కాదు, మీ అనువాదాన్ని. డిసర్టేషన్ ఇంగ్లిష్‌లో రాయాల్సి ఉంటే చివర్లో, అందులో వాడుకునే మాటల్ని మాత్రం అనువదిస్తే చాలు.

ఇప్పుడు ఒక జవాబును కోడ్ చేసి చూద్దాం. ఒక టీచర్ ఇలా చెప్పారనుకోండి: “ఐదు తరగతులు నేనొక్కదాన్నే చూడాలె. పొద్దుగాల వంటామె వచ్చిందా, గుడ్లు వచ్చినయా, అదే సరిపోతది. మీటింగుంటే పక్కూరి సార్‌ను పంపుతరు. ఆ రోజు పిల్లలు ఊకె కూసుంటరు. సెలవు పెట్టాలన్నా తప్పు చేసినట్టు అనిపిస్తది.”

దీనికి ‘పని భారం’, ‘మధ్యాహ్న భోజనం’, ‘సెలవు’ అని కోడ్లు పెడితే మళ్లీ శీర్షికల దగ్గరికే వచ్చినట్టు. ‘బడి పొద్దు వంట ఏర్పాట్లతో మొదలవడం’, ‘తను లేని రోజు చదువు సాగదని చెప్పడం’, ‘సెలవు పెట్టడాన్ని తప్పుగా భావించడం’ అని రాస్తే అవి పనికొచ్చే కోడ్లు. పరీక్ష సులభం: టీచర్ మాట ఉన్న వరుసను దాచేసి కోడ్ వరుస మాత్రమే చదవండి. ఆమె ఏమన్నదో తెలిస్తే కోడ్ బాగున్నట్టు. రెండో కోడ్‌లో ‘చెప్పడం’ అని ఉంచడానికి కారణం ఉంది. పక్కూరి సార్ వచ్చిన రోజు నిజంగా చదువు సాగిందో లేదో మీరు చూడలేదు. మీ దగ్గరున్నది ఆమె అనుభవం మాత్రమే.

ముందు రెండు మూడు ట్రాన్‌స్క్రిప్టులు ఇలా చేసి ఆగండి. అప్పటికే 60, 70 కోడ్లు పోగవడం మామూలే. ఒకే విషయాన్ని రెండు రకాలుగా చెప్పిన కోడ్లను కలిపేయండి. మిగిలిన ప్రతి కోడ్‌కూ ఒక వాక్యంలో నిర్వచనం రాయండి, దాని కిందికి ఏది రాదో కూడా రాయండి. అదే మీ కోడ్‌బుక్. పదీ పూర్తయ్యాక మొదటి ట్రాన్‌స్క్రిప్టుకు తప్పకుండా వెనక్కి వెళ్లాలి. ఆరో ఇంటర్వ్యూలో తట్టిన కోడ్ మొదటి దాన్ని చదివేటప్పుడు మీ దగ్గర లేదు కదా. చాలామంది ఈ పని చేయరు. అందుకే వాళ్ల థీమ్‌లకు ఆధారాలన్నీ చివరి ఇంటర్వ్యూల్లోంచే వస్తుంటాయి.

ఇక కోడ్లను చీటీల మీద రాసి నేల మీద పరచండి. ప్రశ్నావళిని పక్కన పెట్టేయండి. ‘సెలవు పెట్టడాన్ని తప్పుగా భావించడం’, ‘తను లేని రోజు చదువు సాగదని చెప్పడం’, ‘జ్వరంతోనే బడికి రావడం’, ‘చుట్టాల పెళ్లి ఆదివారమైతేనే వెళ్లడం’ అనే చీటీలు ఉన్నాయనుకుందాం. ఒకటి సెలవుల ప్రశ్నకు వచ్చింది, ఇంకోటి ఆరోగ్యం గురించి, మరోటి కుటుంబం గురించి. కానీ నాలుగింటి కిందా ఉన్న భావం ఒక్కటే. దాన్ని వాక్యంగా రాయండి: ‘తాను రాకపోతే ఆ రోజు బడే లేదన్న భావన వల్ల, సొంత అవసరానికి సెలవు పెట్టడం కూడా తప్పులా అనిపిస్తోంది.’ ఇది థీమ్.

రాయగానే దీన్ని కాదనే మాట కోసం వెతకండి. “సెలవు నా హక్కు, పెట్టేస్తా” అని టీ7 అన్నదనుకోండి. ఆ మాటను పక్కకు నెట్టకుండా ఆమె ట్రాన్‌స్క్రిప్టు మొత్తం మళ్లీ చదవండి. ఆ ఊళ్లో డిగ్రీ చదివిన ఒకమ్మాయి రోజూ బడికొచ్చి సాయం చేస్తోందని ఇంకోచోట చెప్పి ఉండొచ్చు. అప్పుడు థీమ్ మారుతుంది: తన బదులు పిల్లలకు పాఠం చెప్పే మనిషి లేనిచోటే ఈ అపరాధ భావన బలంగా ఉంది. మొదట రాసినదానికంటే ఇదే గట్టి వాక్యం. వైవాలో నిలబడేది ఇలాంటిదే.

పది మందిలో ఎందరు అన్నారో లెక్కేసి ‘70 శాతం టీచర్లు’ అని రాయకండి. మీరు చేసింది సర్వే కాదు. అయితే ఒక లెక్క మాత్రం చూసుకోవాలి. ఎక్సెల్‌లో ఒక థీమ్‌కు చెందిన కోడ్లకు ఫిల్టర్ పెట్టి, వాటి కింద ఉన్న మాటలు ఎవరెవరివో చూడండి. 12 మాటల్లో 8 ఒక్క టీ3వే అయితే అది థీమ్ కాదు, టీ3 కథ. బాగా మాట్లాడేవాళ్ల మాటలు మనల్ని తమవైపు లాగేస్తాయి.

సాఫ్ట్‌వేర్ కోసం ఆగొద్దు. 10 ఇంటర్వ్యూలకు ఎక్సెల్ చాలు. కావాలంటే Taguette, QualCoder ఉచితంగా దొరుకుతాయి. NVivo కొనాలి. ఏది వాడినా మీరు పెట్టిన కోడ్లను సర్ది చూపిస్తుందే తప్ప, ఏ మాట ఏ థీమ్ కిందికి వస్తుందో తేల్చుకోవాల్సింది మీరే.

ఉద్యోగం సంగతికొస్తే, విద్యారంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, కార్యక్రమాల ఫలితాలను మదింపు చేసే సంస్థలు, వినియోగదారులపై అధ్యయనం చేసే కంపెనీలు రీసెర్చ్ అసోసియేట్ వంటి పోస్టులకు ఈ నైపుణ్యం అడుగుతాయి. తెలుగు ఇంటర్వ్యూను తెలుగులో కోడ్ చేసి ఇంగ్లిష్‌లో నివేదిక రాయగలిగితే ఇక్కడి ప్రాజెక్టులకు బాగా పనికొస్తారు. రెజ్యూమెలో ‘థిమాటిక్ ఎనాలిసిస్ తెలుసు’ అని రాసి ఊరుకోకుండా, రెండు పేజీల కోడ్‌బుక్, ఒక థీమ్ ఏ కోడ్లతో ఏర్పడిందో చూపే ఒక పేజీ సిద్ధంగా ఉంచుకోండి. టీ7 వల్ల థీమ్ ఎలా మారిందో చెప్పగలిగితే ఇంటర్వ్యూ బోర్డుకు అదే చాలు. ట్రాన్‌స్క్రిప్టులు మాత్రం ఎవరికీ చూపొద్దు. ఆ టీచర్లు అనుమతి ఇచ్చింది మీ డిసర్టేషన్ వరకే.