లింక్డ్‌ఇన్‌లో కనెక్ట్ అవుతున్నారు, రిప్లై మాత్రం లేదు

"ఫార్మా ప్లాంట్లకు ప్యూరిఫైడ్ వాటర్ సిస్టమ్స్ అమ్ముతాం. పర్చేజ్ మేనేజర్లు కనెక్ట్ అవుతున్నారు, బ్రోషర్ పంపితే రిప్లై లేదు. మూడు నెలలైంది, ఏం చేయాలి?"

అండీ, ముందు బ్రోషర్ పంపడం ఆపండి. పర్చేజ్ వాళ్ల దగ్గరికి ఫైలు చివర్లో వస్తుంది. అవసరం మొదట తెలిసేది యుటిలిటీస్ ఇంజనీర్‌కి, తర్వాత క్యూఏకి. ఒక్కో కంపెనీలో ఈ ఇద్దరితో, ప్లాంట్ హెడ్‌తో కనెక్ట్ అవ్వండి.

పోస్టులో మీ మెషిన్ గురించి కాదు, వాళ్ల తలనొప్పి గురించి రాయండి. ఉదాహరణకు, 25 డిగ్రీల దగ్గర ప్యూరిఫైడ్ వాటర్ కండక్టివిటీకి యూఎస్‌పీ లిమిట్ సెంటీమీటరుకి 1.3 మైక్రోసీమెన్స్. రీడింగ్ 0.6 నుంచి నెలనెలా 1.0కి పాకుతుంటే ముందు ఏం చెక్ చేయాలో, ఆర్‌ఓ మెంబ్రేనా, ఈడీఐనా, ట్రెండ్ గ్రాఫ్ పెట్టి చెప్పండి. క్లయింట్ పేరు మాత్రం కనపడనివ్వకండి.

లైకులు లెక్కపెట్టకండి. ఒకే కంపెనీ నుంచి ఇద్దరు ముగ్గురు మీ ప్రొఫైల్ చూశారంటే లోపల చర్చ మొదలై ఉండొచ్చు. అప్పుడు ఇంజనీర్‌కి ఒక్క ప్రశ్న పంపండి: "మీ లూప్‌ని వేడినీళ్లతో శానిటైజ్ చేస్తారా, ఓజోన్‌తోనా?" దీనికి జవాబివ్వడం తేలిక, మాట అక్కడి నుంచి సాగుతుంది.

చాలా కంపెనీల్లో బడ్జెట్ ఏప్రిల్ నుంచి మొదలవుతుంది, ప్రతిపాదనలు అంతకు చాలా ముందే వెళ్తాయి. అందుకే అక్టోబరు నాటికే ఇంజనీర్ చేతిలో మీ అంచనా ధర ఉండాలి. మూడు నెలల మౌనం ఈ రంగంలో మామూలేనండి.