టెక్ సందేహాలు: ఇంటి బిల్లులకు మోగాల్సిన రోజే మోగే క్యాలెండర్

సార్, మావారి జీతం 45 వేలు, ఒకటో తారీఖున పడుతుంది. బిల్లులన్నింటికీ ఫోన్‌లో రిమైండర్లు పెట్టుకున్నాను. అయినా పోయిన నెల ఈఎంఐ బౌన్స్ అయింది. ఐదో తారీఖు పొద్దున తొమ్మిదింటికి రిమైండర్ మోగింది కానీ అప్పటికే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చేసింది. అత్తమ్మ ఫోన్ రీఛార్జ్ రెండు రోజులు ఆగిపోయింది. జూన్‌లో పాప ఫీజుకు అప్పు చేశాం. ఏదైనా మంచి యాప్ చెప్పండి. – ఒక గృహిణి, హనుమకొండ

కొత్త యాప్ అక్కర్లేదండీ. గూగుల్ షీట్స్, గూగుల్ క్యాలెండర్ చాలు. డబ్బు లెక్క షీట్ చూసుకుంటుంది, మోగే పని క్యాలెండర్ చూసుకుంటుంది. మీ రిమైండర్లు పనిచేయకపోవడానికి కారణం అన్నింటినీ ఒకే పద్ధతిలో పెట్టడం. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ మూడు రకాల గడువుల వల్ల వచ్చాయి.

ముందు ఈఎంఐ. దీని తేదీ మారదు. కానీ ఐదో తారీఖు అంటే డబ్బు కట్ అయ్యే రోజు, మనం డబ్బు వేయాల్సిన రోజు కాదు. బ్యాంకులు ఈ కోతల్ని చాలాసార్లు తెల్లవారుజామునే మొదలుపెడతాయి. 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాల్లో, బ్యాంకు సెలవు రోజుల్లో కూడా ఇవి జరుగుతున్నాయి. కాబట్టి నాలుగో తారీఖు రాత్రికే డబ్బు అకౌంట్‌లో ఉండాలి. క్యాలెండర్‌లో మూడో తారీఖు రాత్రి 8 గంటలకు ఒక ఈవెంట్ పెట్టండి. దాని పేరు ‘ఈఎంఐ’ అని కాకుండా ‘ఈఎంఐ అకౌంట్‌లో 13,500 ఉందా?’ అని రాయండి (వాయిదా 13,500 అనుకుని ఈ లెక్క చెబుతున్నాను). ప్రశ్నలా ఉంటే మెసేజ్‌ను పక్కకు తోసేసే ముందు బ్యాలెన్స్ చూడబుద్ధవుతుంది. రోజంతా ఉండే ఈవెంట్‌గా, అంటే All day అని పెట్టకండి. అలా పెడితే అది యాప్‌లో ముందే ఉన్న వేళకు మోగుతుంది, ఆ వేళకు మీరు వంటింట్లో ఉంటారో బస్సులో ఉంటారో తెలియదు.

నెలనెలా తిరిగొచ్చే ఈవెంట్లకు 29, 30, 31 తేదీలు వాడొద్దు. మా ఇంట్లో చిట్టీ వాయిదా 30న ఉండేది. ‘ప్రతి నెలా 30న’ అని పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఫిబ్రవరిలో అది అసలు మోగలేదు. గూగుల్ క్యాలెండర్ ఆ తేదీ లేని నెలను వదిలేస్తుంది, 28కి జరపదు. ఆ నెల వాయిదా ఆలస్యమై డివిడెండ్ పోగొట్టుకున్నాం. అప్పటి నుంచి నెలాఖరు వాయిదాలన్నింటికీ 26న మోగేలా పెట్టుకుంటున్నాను.

ఇక అత్తమ్మ రీఛార్జ్. ఆమెది 28 రోజుల ప్లాన్ అయి ఉంటుంది. దానికి ‘ప్రతి నెలా ఫలానా తేదీన’ అని రిమైండర్ పెడితే అది నెలకు రెండు మూడు రోజులు వెనకబడుతూ పోతుంది, ఏదో ఒక నెలలో ఫోన్ ఆగిపోతుంది. 28 రోజులంటే సరిగ్గా నాలుగు వారాలు. ఆదివారం రీఛార్జ్ చేస్తే తర్వాతిదీ ఆదివారమే వస్తుంది. అందుకే ఈవెంట్ పెట్టేటప్పుడు Custom లోకి వెళ్లి ‘ప్రతి 4 వారాలకు, శుక్రవారం’ అని ఎంచుకోండి. ఆదివారానికి రెండు రోజుల ముందే గుర్తుచేస్తుంది. మరోటి, ఈ రీఛార్జ్ ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వస్తుంది. ఒక్కోటి 350 రూపాయలు అనుకుంటే ఏడాదికి 4,200 కాదు, 4,550 అవుతుంది. ఇంట్లో మూడు ఫోన్లుంటే ఆ తేడా వెయ్యి రూపాయలు దాటుతుంది.

కరెంటు బిల్లు ఇంకో రకం. మీటర్ రీడింగ్ తీసే అబ్బాయి ఒక నెల 6న వస్తాడు, ఇంకో నెల 10న వస్తాడు. గడువు బిల్లు వేసిన రోజు నుంచి లెక్క. దీనికి గడువు తేదీన రిమైండర్ పెట్టలేం. అందుకే ప్రతి నెలా 12న ‘కరెంటు బిల్లు వచ్చిందా?’ అని పెట్టండి. కాగితం కనిపించకపోతే ఏ పేమెంట్ యాప్‌లోనైనా మీ సర్వీస్ నంబర్ కొడితే బిల్లు మొత్తం, గడువు తేదీ కనిపిస్తాయి. అక్కడ చూసిన తేదీని షీట్‌లో వేసుకోండి.

ఇప్పుడు షీట్ చేద్దాం. ఐదు నిలువు వరుసలు చాలు: A లో బిల్లు పేరు, B లో మొదలు తేదీ, C లో గడువు, D లో సొమ్ము, E లో టిక్ పెట్టే గడి. ఈ గడి కోసం Insert లో Checkbox నొక్కాలి. బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టే కరెంటు లాంటి వాటికి C లో ఇలా రాయండి:

```
=B3+14
```

బిల్లు మీద అచ్చయిన గడువు దీనికంటే ముందుంటే ఆ తేదీనే వేయండి. ఈఎంఐ లాంటి వాటికి C లో నేరుగా తేదీ రాస్తే సరిపోతుంది. ఇంకా కట్టాల్సింది ఎంతో తెలియడానికి కింద ఒక గడిలో ఇది పెట్టండి:

```
=SUMIFS(D2:D20,E2:E20,FALSE)
```

ఒక్కో బిల్లుకు టిక్ పెట్టే కొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అకౌంట్‌లో ఉన్న డబ్బు ఈ అంకె కంటే తక్కువైతే ఆ నెల ఇబ్బంది వస్తుందని ముందే తెలిసిపోతుంది. ఐదు రోజుల్లోపు కట్టాల్సిన వరుస ఎర్రగా మారాలంటే A2 నుంచి E20 వరకు ఎంచుకుని, Format లో Conditional formatting తెరిచి, Custom formula is దగ్గర ఇది వేయండి:

```
=AND($C2<>"",$E2=FALSE,$C2-TODAY()<=5)
```

గడువు దాటిపోయి టిక్ పడనివి కూడా ఎర్రగానే ఉంటాయి. నెల మారగానే కింద ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి Duplicate నొక్కి, టిక్‌లు తీసేసి, తేదీలు మార్చుకోండి. పాత నెల అలాగే ఉంటుంది కనుక పోయిన ఏడాది ఇదే నెలలో కరెంటు ఎంత వచ్చిందో చూసుకోవచ్చు.

ఎక్కువ మంది ఇబ్బంది పడేది తేదీ రాసే దగ్గరే. షీట్ Locale అమెరికాది అయి ఉంటే, 05/10 అని రాస్తే అది మే 10 అనుకుంటుంది, అక్టోబర్ 5 అనుకోదు. 13/10 అని రాస్తే అది తేదీగా కాకుండా మామూలు అక్షరాలుగా మిగిలిపోతుంది, ఫార్ములా తప్పు చూపిస్తుంది. ముందుగా File లో Settings కి వెళ్లి Locale ను India చేయండి. తర్వాత రాసిన తేదీ గడిలో కుడివైపుకి జరిగి ఉందో లేదో చూడండి. ఎడమవైపే ఉండిపోతే షీట్ దాన్ని తేదీగా గుర్తించలేదని అర్థం.

మూడోది ఫీజు. నెలనెలా రాని ఖర్చు నెల బడ్జెట్‌లో కనిపించదు, అప్పు అక్కడే పుడుతుంది. మీ ఇంటికి దగ్గరగా ఒక లెక్క వేస్తాను. ఎల్‌ఐసీ ఏడాదికి 24,000. స్కూలు ఫీజు 15,000 చొప్పున మూడుసార్లు, అంటే 45,000. బండి ఇన్సూరెన్స్ 1,800, ఇంటి పన్ను 3,000. మొత్తం 73,800. పన్నెండుతో భాగిస్తే నెలకు 6,150. ఈఎంఐ 13,500 పోగా చేతిలో 31,500 ఉన్నాయనుకుంటారు. ఈ 6,150తో పాటు కరెంటు, ఫోన్లు, గ్యాస్, ఇంటర్నెట్, పాలు కలిపి ఇంకో 5,000 కూడా తీసేస్తే కిరాణాకు, మిగతా ఖర్చులకు నిజంగా ఉన్నది 20,350. జీతం పడిన రోజే ఆ 6,150 ఈఎంఐ కట్ అయ్యే అకౌంట్‌లోంచి వేరే అకౌంట్‌కు పంపేయండి. షీట్‌లో దాన్ని కూడా ఒక బిల్లులాగే రాసి టిక్ పెట్టుకోండి.

మొదటి ఏడాది మాత్రం పన్నెండుతో భాగిస్తే సరిపోదు. మార్చిలో మొదలుపెట్టారనుకోండి. జూన్ ఫీజు 15,000కు మధ్యలో వచ్చేవి మూడు జీతాలే, కాబట్టి దానికి నెలకు 5,000 పక్కన పెట్టాలి. మొదటిసారి ప్రతి ఖర్చుకూ ‘కావాల్సింది ఎంత, మధ్యలో ఎన్ని జీతాలు’ అని విడివిడిగా భాగించండి. ఆ కొన్ని నెలలు కష్టంగానే ఉంటుంది, ఒక చుట్టు తిరిగాక 6,150 దగ్గర స్థిరపడుతుంది.

బిల్లుల క్యాలెండర్ చేసి మావారికి కూడా షేర్ చేశాను. ఆయన ఫోన్‌లో ఈవెంట్లు కనిపిస్తున్నాయి కానీ మోగడం లేదు. నా ఫోన్ ఒక్కటే మోగుతోంది. – తెనాలి నుంచి

గూగుల్ క్యాలెండర్‌లో నోటిఫికేషన్ ఎవరిది వాళ్లదే. ఈవెంట్ ఇద్దరికీ ఒకటే అయినా మీరు పెట్టిన ‘ముందు రోజు’ అనే గుర్తు మీ అకౌంట్‌కే వర్తిస్తుంది. ఆయన తన అకౌంట్‌తో కంప్యూటర్‌లో క్యాలెండర్ తెరిచి, ఎడమవైపు మీ బిల్లుల క్యాలెండర్ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, Settings లో Event notifications దగ్గర తనకు కావాల్సిన సమయం కలుపుకోవాలి. ఒక్కసారి చేస్తే ఆ క్యాలెండర్‌లోని బిల్లులన్నింటికీ పనిచేస్తుంది. అప్పటికీ మోగకపోతే ఆయన ఫోన్ సెట్టింగ్స్‌లో క్యాలెండర్ యాప్‌కు నోటిఫికేషన్ అనుమతి ఉందా, బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ను ఆపేస్తోందా చూడండి.

షేర్ చేసేటప్పుడు ఆయనకు Make changes to events అనుమతి ఇచ్చారా? ఇస్తే బిల్లు కట్టగానే ఈవెంట్ పేరు ముందు ‘కట్టాను’ అని ఆయనే రాయగలరు. అప్పుడు ఇద్దరూ ఒకే బిల్లు రెండుసార్లు కట్టే టెన్షన్ ఉండదు. కానీ పేరు మార్చి సేవ్ చేసేటప్పుడు This event అనే ఎంచుకోవాలి. All events అని నొక్కితే రాబోయే నెలలన్నింటిలోనూ ‘కట్టాను’ అనే కనిపిస్తుంది, వచ్చే నెల ఇద్దరూ కట్టేశామనుకుంటారు.

ఇంత కష్టం ఎందుకు, అన్నీ యూపీఐ ఆటోపేలో పెట్టేస్తే సరిపోదా? – నిజామాబాద్ నుంచి

ఇంటర్నెట్, ఓటీటీ లాంటి మొత్తం మారని చిన్న బిల్లులకు పెట్టండి, హాయిగా ఉంటుంది. సాధారణంగా 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ అడగకుండానే కట్ అవుతుంది. 24 గంటల ముందు మెసేజ్ కూడా వస్తుంది. అయితే అకౌంట్‌లో డబ్బు లేకపోతే ఆటోపే కూడా ఫెయిల్ అవుతుంది, కాబట్టి షీట్‌లో ఆ బిల్లుల వరుసలు తీసేయకండి. కరెంటుకు నేనైతే పెట్టను. ఏదో ఒక నెల రీడింగ్ తప్పు పడి బిల్లు మూడింతలు వస్తే, కట్టకముందే మన కంట పడాలి.