84కీ 88కీ మధ్య అరవై కిలోలు

*మాది ఏడు సీట్ల కారు. కంపెనీ టైర్ల మీద 185/65 R15 88H అని ఉంది. అవి అరిగిపోయాయి. యాప్‌లో వెతికితే 185/60 R15 84T అనేవి బాగా తక్కువ ధరకు కనిపించాయి. టైర్ల షాపాయన "రిమ్ము పదిహేనే కదా, పట్టేస్తాయి. మన రోడ్ల మీద 190లో ఎవరు పోతారండీ" అంటున్నారు. వచ్చే నెల ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్లాలి. వేయించమంటారా? – ఒక పాఠకుడు, మధురవాడ*

వేయించకండి. షాపాయన అబద్ధమేమీ చెప్పలేదు. పట్టడమూ పడతాయి, మనం 190లో పోమన్నదీ నిజమే. కాకపోతే ఆయన వేగం చెప్పే T అక్షరం గురించి మాట్లాడి 84 ఊసెత్తలేదు. మీకు చిక్కు తెచ్చేది ఆ 84.

చివర్లో ఉన్న అంకె లోడ్ ఇండెక్స్. అది కిలోలు కాదు, పట్టికలో ఒక వరుస సంఖ్య. 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అంటే 500 కిలోలు. అంకెల్లో నాలుగే తేడా, బరువులో మాత్రం టైరుకు అరవై కిలోలు. ఒక మనిషి బరువు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. మీ కారు ఆర్సీలో లేడెన్ వెయిట్, అంటే మనుషులు, సామాను నిండా ఎక్కిన బరువు, చూడండి. ఏడు సీట్ల చిన్న కార్లకు అది 1780 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. "నాలుగు టైర్లు, ఒక్కోటి 500, మొత్తం రెండు వేలు. ఇంకా 220 కిలోలు మిగిలే ఉంది కదా" అనిపిస్తుంది. కానీ కారు బరువు నాలుగు చక్రాల మీద సమానంగా పడదు. మూడో వరుసలో మనుషులు, వాళ్ల వెనక సంచులు, స్టీలు క్యారియర్లు, నీళ్ల క్యాన్ చేరాయంటే భారం వెనక్కి జరుగుతుంది. నిండా ఎక్కిన బరువులో 55 శాతం వెనక పడిందనుకుందాం. 980 కిలోలు, అంటే వెనక ఒక్కో టైరు మీద 490. ఐదు వందల టైరుకు మిగిలింది పది కిలోలే. పైన రూఫ్ క్యారియర్ బిగిస్తే అదీ ఉండదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి గాలి. ఆ 500 కిలోలూ టైరులో పూర్తి గాలి ఉన్నప్పటి మాట. మామూలు టైరుకు అది 36 పీఎస్ఐ. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గుతుంది, ఎందుకంటే కారును మోసేది రబ్బరు కంటే ఎక్కువగా లోపలి గాలే. 30 పీఎస్ఐ దగ్గర 84 టైరు 430, 440 కిలోలకు మించి మోయలేదు. మనలో ఎంతమంది గాలి నెలకోసారి చూపిస్తారు? పైగా బంకులో కుర్రాడు ఏ కారుకైనా ముప్పై కొట్టి పంపించేస్తాడు. ఇప్పుడు మీ 490ని దాని పక్కన పెట్టి చూడండి. నిజానికి 30 దగ్గర మీ పాత 88 టైరు కూడా 480, 490 మధ్యకు దిగిపోతుంది. కంపెనీ వాళ్లు నిండు లోడుకు వెనక గాలి పెంచమని డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసేది ఇందుకే.

భారం ఎక్కువైన టైరు ఆ క్షణంలోనే పేలిపోదు. చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ నేల దగ్గర నొక్కుకుపోయి మళ్లీ నిక్కుతుంది. హైవే మీద ఇది సెకనుకు పదిసార్లకు పైనే జరుగుతుంది. మోతాదు దాటి వంగితే రబ్బరు లోపల వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయేలోపే ఇంకా పుడుతుంది. లోపలి ఉక్కు తీగల పొరకూ రబ్బరుకూ మధ్య అతుకు మెల్లగా సడలుతుంది. ఒకరోజు ట్రెడ్ ఊడిపోతుంది, లేదా పక్కగోడ చీలుతుంది. అందుకే నాకు అరకు ఘాట్ కన్నా అనకాపల్లి దాటాక తుని వైపు పోయే ఎన్‌హెచ్-16 మీదే ఎక్కువ భయం. ఘాట్‌లో వేగం ఉండదు. ఇక్కడ మే నెల మధ్యాహ్నం, కాలిన రోడ్డు, వందలో గంటసేపు ఆగకుండా పరుగు. అన్నవరం దారి సరిగ్గా ఇదే.

ఇక అక్షరం సంగతి. అది ఆ లోడు మోస్తూ టైరు తట్టుకోగల గరిష్ఠ వేగం. S 180, T 190, H 210, V 240 కిలోమీటర్లు. (H మాత్రం అక్షరమాల వరుస తప్పి T, V మధ్యలో కూర్చుంది. చూసి కంగారుపడకండి.) మన ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్ల పరిమితే 120. కాబట్టి H బదులు T వేసినంత మాత్రాన ప్రాణం మీదికి వస్తుందని నేననను. కానీ ఆ అక్షరాన్ని వేగం కన్నా వేడికి ఓర్చే శక్తిగా చూడటం మేలు. గాలి తక్కువై, బరువు ఎక్కువైన రోజున H టైరుకు ఉండే వెసులుబాటు T టైరుకు ఉండదు. మీకు దొరికిన టైరులో అంకె, అక్షరం రెండూ తగ్గాయి.

పక్కగోడ ఎత్తు చెప్పే అంకె 65 బదులు 60 అన్నదాన్నీ వదలకండి. ఆ టైరు చుట్టూరా మూడు శాతం చిన్నది. కారు 9 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ముందు రెండు పాతవి, వెనక రెండు కొత్తవి వేస్తే చక్రాల వేగాల్లో తేడా చూసి ఏబీఎస్ కంప్యూటర్ తికమకపడవచ్చు.

"అయితే 185/60 లోనే 88 ఉన్న XL టైరు కొంటాను" అంటారేమో. అంకె కలుస్తుంది, కానీ XL అంటే ఎక్కువ గాలితో ఎక్కువ లోడు మోసేలా చేసిన రకం, అది ఆ 560 కిలోలు మోయాలంటే 42 పీఎస్ఐ కావాలి. మీ స్టిక్కర్ మీది 33 కొట్టి వదిలేస్తే మామూలు 88 టైరు దాదాపు 520 మోస్తుంది, XL 460 దగ్గరే ఆగుతుంది. అంకె చూసి మోసపోయే చోటు ఇదే. కాబట్టి సైజు మార్చకండి. 185/65 R15 లోనే 88 లేదా అంతకంటే ఎక్కువ, అక్షరం H లేదా దాని పైది తీసుకోండి. యాప్‌లో "మీ కారుకు సరిపోతుంది" అన్న ముక్కను నమ్మి ఊరుకోకుండా ఆ టైరు వివరాలు తెరిచి చివరి అంకె, అక్షరం చదవండి. డెలివరీ అయ్యాక, బిగించే ముందు, టైరు పక్కగోడ మీద కూడా అదే ఉందో లేదో చూసుకోండి.

మా బావమరిది ఇలాగే తక్కువ లోడ్ ఇండెక్స్ టైర్లు వేయించి ఏడాది తిప్పాడు. బయటినుంచి చూస్తే నిగనిగలాడుతున్నాయి. చెయ్యి లోపలికి పెట్టి తడిమితే వెనక ఎడమ టైరు లోపలి గోడ మీద నిమ్మకాయంత బొబ్బ. నిలబడి చూస్తే కనపడని చోటది. ట్రెడ్ రెండు అంచులూ నడుమకన్నా ముందే అరిగిపోయాయి కూడా. భారం ఎక్కువో, గాలి తక్కువో అయితే ఇలాగే అరుగుతాయి.

కారులో టైర్ల గాలి ఎంతుందో చూపించే టీపీఎంఎస్ ఉంటే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. చల్లగా ఉన్నప్పుడు 33 ఉన్న టైరు హైవే మీద అరగంట తర్వాత 36, 37కి పెరగడం మామూలే. 39, 40 చూపిస్తోందంటే టైరు మోతాదుకు మించి వంగుతోందని అనుమానించాలి. అప్పుడు గాలి తీసేయకండి, తీస్తే ఇంకా వంగుతుంది. బండి పక్కకు ఆపి చల్లారనివ్వండి, బరువు తగ్గించండి.

బయల్దేరే రోజు అందరూ ఎక్కాక లారీల వేబ్రిడ్జి మీదికి వెనక చక్రాలు మాత్రం ఎక్కించి చీటీ తీయించండి. ఆ బరువును రెండుతో భాగిస్తే వెనక ఒక్కో టైరు మీద పడే భారం తెలుస్తుంది. 500 దాటితే రూఫ్ క్యారియర్ ఇంట్లో వదిలేసి, స్టిక్కర్ మీద నిండు లోడుకు రాసిన గాలి కొట్టించాకే హైవే ఎక్కండి.