అపరిచిత గద్యానికి ప్రశ్నలు వేసే ముందు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పదో తరగతి ప్రీఫైనల్ తెలుగు పేపర్లో అపరిచిత గద్యం తయారుచేయడం నీ వంతుకు వచ్చిందనీ, పేరా కోసం గైడ్లు తిరగేస్తున్నాననీ రాశావు. గైడ్లు పక్కన పెట్టెయ్. వాటిలో ఉన్న పేరాని ఏదో ఒక ట్యూషన్‌లో చేయించే ఉంటారు, ఇక అది అపరిచితం ఎలా అవుతుంది? నువ్వే రాసుకో, 80 మాటల లోపు. మహనీయుల జీవితాలు, పర్యావరణం, క్రమశిక్షణ మాత్రం వద్దు. వాటి మీద పిల్లలకు పేరా చదవకుండానే జవాబులు వచ్చు. వాళ్లకు తెలిసిన లోకానిదే అయినా, పేరా చదివితే తప్ప జవాబు తెలియని విషయం కావాలి. మన వైపు చెరువు ముచ్చటే తీసుకుని ఒకటి రాశాను చూడు.

"మా ఊరి చెరువు కింద పొలాలకు నీళ్లు వదిలే పని నీరటిది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ముందు పారించాలో అతనే చూసుకునేవాడు. అందుకు బదులుగా పంట చేతికొచ్చాక ప్రతి రైతూ అతనికి కొంత ధాన్యం కొలిచేవాడు. వానలు బాగా పడి చెరువు నిండితే, మిగిలిన నీరు మత్తడి మీదుగా దూకి కింది ఊరి చెరువులో చేరేది. మా చెరువు మత్తడి దూకిందంటే కింది ఊరివాళ్లకు పండగే. తర్వాత పొలాల్లో బోర్లు పడ్డాయి. తూము దగ్గర వంతు కోసం ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. ఏడాదికేడాది నీరటికి ధాన్యం కొలిచే ఇళ్లు తగ్గుతూ వచ్చాయి. అతని కొడుకు పట్నంలో పనికి కుదిరాడు. ఇప్పుడు తూములో పూడిక పేరుకుంది."

మొదటి ప్రశ్న తేలిగ్గానే ఉండాలి, వెనకబడ్డ పిల్లవాడికీ ఒక మార్కు పడాలి. కానీ తేలిక అంటే పేరాలోని మాటల్నే ప్రశ్నగా తిప్పడం కాదు. "మిగిలిన నీరు ఎక్కడ చేరేది?" అని అడిగావనుకో, పిల్లవాడు "మిగిలిన నీరు" అన్న మాటల్ని పేరాలో వెతుక్కుని ఆ వాక్యం మొత్తం దించేస్తాడు. అర్థమైందో లేదో నీకు తెలియదు. "చెరువులో పట్టని నీళ్లు ఎటు పోయేవి?" అని అడుగు. జవాబు అదే వాక్యంలో ఉంది, కాని పట్టని నీళ్లూ మిగిలిన నీరూ ఒకటేనని గ్రహిస్తేనే దొరుకుతుంది. "కింది ఊరివాళ్లకు పండగ ఎందుకు?" అని కూడా అడగాలనిపిస్తుంది. ఆశపడకు. దానికీ జవాబు ఆ నీళ్లే, ఒక్క సంగతికి రెండుసార్లు మార్కులు ఇచ్చినట్టవుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ ఉండకూడదు. "నీరటి కొడుకు తండ్రి పని ఎందుకు చేపట్టలేదు?" పేరాలో ఈ కారణం ఎక్కడా రాయలేదు. బోర్లు పడటం, తూము మీద ఆధారపడేవాళ్లు తగ్గటం, ధాన్యం రాకపోవటం, ఈ మూడూ పిల్లవాడే ముడివేసుకోవాలి. రెండు మార్కులు పెట్టు. ధాన్యం తగ్గిందని మాత్రమే రాస్తే ఒకటి, అది బోర్ల వల్లేనని కలిపితే రెండోది. పేపరు దిద్దేవాళ్ల కోసం ఈ విభజన ఇప్పుడే రాసి పెట్టుకో. లేకపోతే ఒకరు రెండు వేస్తారు, పక్క టేబుల్ ఆయన సున్నా చుడతాడు.

ఇక పదజాలం. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "చెరువుకు పర్యాయపదాలు రాయండి" అంటే పేరాతో పనేముంది? అది భాషాంశాల కింద వేయాల్సిన ప్రశ్న. ఇక్కడ అడగాల్సింది ఆ వాక్యంలో ఆ మాటకున్న అర్థం. అందుకని తెలియని కఠిన పదం కంటే రెండు అర్థాలున్న తెలిసిన మాట మేలు. మన పేరాలో "కొలిచేవాడు" ఉంది. కొలవడమంటే పూజించడమని నానార్థాల్లో చదివి ఉంటారు. నాలుగు ఎంపికలు ఇలా ఇవ్వు: పూజించేవాడు, కూలిగా ఇచ్చేవాడు, అప్పుగా ఇచ్చేవాడు, అమ్మేవాడు.

వీటిలో ప్రతిదానికీ ఒక పని ఉంది. పుస్తకంలోని అర్థం గుర్తుంచుకుని వాక్యం వైపు చూడని పిల్లవాడు పూజించేవాడు అంటాడు. అప్పు, అమ్మకం రెండూ వాక్యంలో చక్కగా అతుకుతాయి. వాటిని కొట్టేయాలంటే "అందుకు బదులుగా" అన్న మాట చదవాలి, ఆ ధాన్యం పనికి ప్రతిఫలమని తెలియాలి. అదే "అప్పుగా తీసుకునేవాడు" అని పెట్టి ఉంటే? "అతనికి తీసుకునేవాడు" అని ఎవరూ అనరు కాబట్టి విభక్తి చూసే తీసేస్తారు, పేరా అర్థం కానక్కర్లేదు. ప్రతి ఎంపికనూ వాక్యంలో పెట్టి పైకి చదివి చూసుకో. సరైన జవాబు మిగతావాటికంటే పొడుగ్గా ఉంటే కూడా పిల్లలు పట్టేస్తారు.

మత్తడి అర్థం అడగొచ్చా అంటే, అడగొద్దంటాను. చెరువున్న ఊరి పిల్లవాడికి అది పుట్టుకతో తెలిసిన మాట, పట్నం పిల్లవాడు పేరాను బట్టి ఊహించాలి. ఇద్దరికీ ఒకే పరీక్ష కాదది.

అభిప్రాయం ప్రశ్న చివర్లో పెట్టు. "చెరువులను కాపాడుకోవాలా? మీ అభిప్రాయం రాయండి" అన్నావంటే క్లాసంతా అవును అనే రాస్తుంది, దిద్దేటప్పుడు నిద్రొస్తుంది. నిజంగా రెండు పక్షాలున్న చోట అడగాలి. "బోర్లున్న రైతులు నీరటికి ధాన్యం ఇవ్వడం మానేయడం న్యాయమేనా?" అన్నది బాగానే కనిపిస్తుంది. కానీ పిల్లలు ప్రశ్నలన్నీ ముందే చదువుతారు, రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే దొరికిపోతుంది. ఇలా మార్చు: "తూములో పూడిక తీయించే ఖర్చును ఊళ్లోని రైతులందరూ సమానంగా భరించాలని కొందరన్నారు. మీరు ఒప్పుకుంటారా? పేరాలోని ఒక విషయం, మీ సొంత కారణం ఒకటి చూపి నాలుగైదు వాక్యాల్లో రాయండి."

అచ్చుకు ఇచ్చే ముందు రెండు పక్షాలకూ నువ్వే జవాబు రాసి చూడు. ఒప్పుకునేవాడు, రైతులు తూమును వదిలేయడం వల్లే ఈ పరిస్థితి వచ్చిందని పేరా నుంచి చూపుతాడు, చెరువు నిండితే బోర్లలోనూ నీళ్లుంటాయని తన మాట కలుపుతాడు. ఒప్పుకోనివాడు, నీళ్లు పారించుకున్నందుకే ధాన్యం ఇచ్చేవాళ్లని పేరా చూపి, ఎకరం ఉన్నవాడూ పదెకరాలున్నవాడూ ఒకే మొత్తం కట్టడమేమిటని అడుగుతాడు. రెండూ నిలబడ్డాయి కాబట్టి ప్రశ్న ఉంచుకోవచ్చు. రెండో పక్షానికి నీకే జవాబు తట్టకపోతే తీసేయ్.

ఏ పక్షమన్నదానికి మార్కు లేదు. పేరా ఆధారానికి ఒకటి, సొంత కారణానికి ఒకటి. పేరా ఆధారమంటే ఏ వాక్యాలు ఒప్పుకోవాలో జవాబు సూచికలో రాయి.

అన్నీ అయ్యాక ప్రశ్నలు మాత్రం ఒక కాగితం మీద రాసి, పేరా చూపకుండా తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురికి ఇవ్వు. పేరా లేకుండానే వాళ్లు సరిగ్గా రాసినవి మార్చు. పదో తరగతి వాళ్లకు మాత్రం చూపించకు, సాయంత్రానికల్లా స్కూలంతా తెలిసిపోతుంది.

దిద్దేటప్పుడు మొదటి మూడింటికీ అక్షరదోషాలకు మార్కు కోయకు. అవి చదివే శక్తికి పెట్టిన ప్రశ్నలు. చివరిదాంట్లో కూడా పిల్లవాడు "ఇయ్యాలె" అని ఇంటి మాటలో రాస్తే కింద గీత గీసి వదిలెయ్, కారణం సరిగ్గా ఉంటే మార్కు ఇచ్చెయ్.

ఇట్లు,
పెదనాన్న