రోజుకు 1.5 జీబీ ప్లాన్: వాడని డేటా మీద మనకు హక్కు ఉంటుందా?

"లాయర్ గారూ, నేను 84 రోజుల ప్లాన్ వేయించుకున్నాను. రోజుకు 1.5 జీబీ. యాప్‌లో మొత్తం 126 జీబీ అని కనిపిస్తుంది. మా అమ్మాయి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెడుతుంటే రాత్రి ఎనిమిదింటికి ఈ రోజు డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది, పేజీ అక్కడే ఆగిపోయింది. నెట్ సెంటర్‌కి వెళ్లి పూర్తి చేసుకొచ్చాం. చాలా రోజులు నేను అర జీబీ కూడా వాడను. డబ్బు కట్టిన 126 జీబీలో మిగిలినది నాది కాదా? కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?"
— ఒక పాఠకుడు, నర్సీపట్నం

వాడకుండా మిగిలిన డేటాను తర్వాతి రోజు ఇవ్వమని అడిగే హక్కు ఇప్పటి నిబంధనల ప్రకారం మీకు లేదండీ. కానీ ఆ రాత్రి ఎనిమిది గంటల తర్వాత మీ ఫోన్‌లో సరిగ్గా ఏం జరిగింది అన్నదాన్ని బట్టి కంపెనీని నిలదీసే హక్కు మాత్రం ఉండొచ్చు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. మొదటిదాని మీద పోరాడుతూ కూర్చుంటే రెండోది చేజారిపోతుంది.

ముందు 126 సంగతి చూద్దాం. మీరు కొన్నది 126 జీబీ కాదు. ఒకటిన్నర జీబీ చొప్పున 84 విడివిడి కోటాలు కొన్నారు. మెస్‌లో నెల టికెట్ల పుస్తకం తీసుకున్నవాళ్లు నిన్న తినలేదని ఇవాళ రెండు భోజనాలు పెట్టమని అడగలేరు కదా, అలాంటిదే. ఏ రోజు కోటా ఆ రోజు అర్ధరాత్రితో చెల్లిపోతుంది. చాలా ప్లాన్లలో ఇక్కడ రోజంటే రీఛార్జ్ చేసిన క్షణం నుంచి 24 గంటలు కాదు, క్యాలెండర్ రోజు. రాత్రి తొమ్మిదింటికి రీఛార్జ్ చేస్తే మొదటి రోజు కోటా వాడుకోవడానికి మీకు మూడు గంటలే ఉంటాయి. వారాంతానికి మిగులు కలిపి ఇచ్చే ప్లాన్లు కొన్ని ఉన్నాయి గానీ, అది ఆ కంపెనీ తనంతట తాను ఇచ్చే సౌకర్యమే, చట్టం చెప్పింది కాదు.

మొత్తం గడువుకి కలిపి డేటా ఇచ్చే ప్లాన్ల పద్ధతి వేరు. ఉదాహరణకి 30 రోజులకు 25 జీబీ అనుకోండి. అందులో ఒకే రోజు పది జీబీ వాడినా అడిగేవారుండరు. ఆ పాతిక అయిపోయాక మాత్రం అర్ధరాత్రి కొత్త కోటా రాదు. కొన్నిటిలో డేటా పూర్తిగా ఆగిపోతుంది, కొన్నిటిలో ఎంబీకి ఇంత అని మెయిన్ బ్యాలెన్స్‌లో కోత పడుతుంది. మామూలు రోజుల్లో తక్కువ వాడి, ఎప్పుడో ఒకరోజు ఎక్కువ అవసరమయ్యే మీలాంటివారికి నిజానికి ఇదే నప్పుతుంది.

ఇంత పెద్ద విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎందుకు కలగజేసుకోదని మీరు అడగొచ్చు. మొబైల్ ప్లాన్ల ధరనూ రూపాన్నీ ట్రాయ్ చాలావరకు కంపెనీలకే వదిలేసింది. ప్లాన్ వివరాలు దాచకుండా చెప్పాలన్నది దాని పట్టు. మిగిలిన డేటా తర్వాతి కాలానికి కలపాలంటే అలా చెప్పే నిబంధన ఒకటి ఉండాలి. దక్షిణాఫ్రికాలో అక్కడి నియంత్రణ సంస్థ తెచ్చిన అలాంటి నిబంధన 2019 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర అది రానంతవరకు కోర్టు దాన్ని కొత్తగా సృష్టించి ఇవ్వదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో అన్యాయమైన ఒప్పందం అనే అంశం ఉంది, దాని కింద వాదించొచ్చు కదా అని కొందరు అంటారు. అలాంటి ఫిర్యాదు మీరన్న కన్స్యూమర్ కోర్టులో, అంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. పైగా అదే కంపెనీ దగ్గర మొత్తం డేటా ప్లాన్ కూడా దొరుకుతున్నప్పుడు, మీ మీద ఈ షరతు బలవంతంగా రుద్దారని చూపించడం కష్టం. నా సలహా అయితే ఆ దారి వద్దనే.

ఇక ఆ రాత్రి సంగతి. ఎక్కువ రోజువారీ ప్లాన్ల వివరాల పేజీలో ఒక చిన్న లైను ఉంటుంది: `Unlimited @ 64 Kbps`. అంటే కోటా అయ్యాక నెట్ ఆగదు, వేగం పడిపోతుంది. కాల్స్‌కి ఏమీ కాదు, ఓటీపీ మెసేజీలూ వస్తాయి. కానీ 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కిలోబైట్లు. రెండు ఎంబీల పీడీఎఫ్ దిగడానికి, అంతా సవ్యంగా ఉంటేనే, నాలుగు నిమిషాలు దాటుతుంది. కౌన్సెలింగ్ పేజీ అంతసేపు ఆగదు, సెషన్ ముగిసిందని బయటికి తోసేస్తుంది. కాబట్టి పేజీ ఆగిపోవడం ఒక్కటే కంపెనీ తప్పుకి రుజువు కాదు.

వేగం తగ్గిందా, నెట్ అసలే పోయిందా అని తేల్చుకునే మార్గం తేలికైనదే. వాట్సాప్‌లో ఒక్క మాట టైప్ చేసి పంపండి. మాట వెళ్లి, ఫోటో మాత్రం తిరుగుతూనే ఉంటే వేగం తగ్గినట్టు. సిగ్నల్ బాగానే ఉండి మాట కూడా ఒకే టిక్ దగ్గరికి చేరకుండా గడియారం బొమ్మతో ఆగిపోతే, ఇస్తామన్న 64 కూడా ఇవ్వనట్టు. రెండోది సేవాలోపం కిందకి వస్తుంది. అప్పుడు టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

ఈ 64 మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ట్రాయ్ 2016లో ఇచ్చిన ఆదేశంలో ఇంటికి వచ్చే వైర్ బ్రాడ్‌బ్యాండ్‌కి కోటా అయ్యాక కూడా 512 కేబీపీఎస్‌కి తగ్గకూడదంది. మొబైల్‌కి ఆ కనీస హద్దు పెట్టలేదు. 2023 నుంచి ప్రభుత్వ నిర్వచనం ప్రకారం సెకనుకు 2 మెగాబిట్లు ఉంటేనే అది బ్రాడ్‌బ్యాండ్. అందులో ముప్పయ్యో వంతు వేగాన్ని 'అన్‌లిమిటెడ్' పేరుతో ఇస్తున్నారు. ఫోనే ఏకైక ఇంటర్నెట్ అయిన ఇళ్లకి ఆ రక్షణ ఇంకా ఎక్కువ అవసరం. అయినా నిబంధన మారేదాకా 64 ఇచ్చిన కంపెనీ ఒప్పందం తప్పినట్టు కాదు.

నిబంధన కచ్చితంగా ఉన్నది హెచ్చరికల విషయంలో. డేటా పరిమితిలో 50, 90, 100 శాతానికి చేరినప్పుడు కస్టమర్‌కి తెలియజేయాలి. మీ మెసేజ్ బాక్స్ తెరిచి ఆ తేదీవి వెతకండి. ఒక ఉదాహరణ అనుకుందాం: 50 శాతం మెసేజ్ మధ్యాహ్నం 1:10కి, 90 శాతంది సాయంత్రం 6:45కి, 100 శాతంది 7:52కి వచ్చింది. యాప్‌లో ఆ రోజు వాడకం వివరాలు తీస్తే ఉదయం ఆరున్నరకే 600 ఎంబీ పోయినట్టు ఉంది. అది బహుశా ఫోన్‌లో యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ అవ్వడం, లేదా ఎవరో హాట్‌స్పాట్ వాడుకోవడం. ఇలాంటప్పుడు కంపెనీ తన పని తాను చేసినట్టే. అదే 50, 90 మెసేజీలు రాకుండా నేరుగా 100 వచ్చినా, కోటా అయిందన్న సమయానికి వాడకం వివరాల్లో 1.1 జీబీయే కనిపించినా, అక్కడ మీ కేసు మొదలవుతుంది. రెండో సందర్భంలో 0.4 జీబీ తక్కువ ఇచ్చినట్టు లెక్కతో సహా అడగొచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో కనిపించే లెక్కని మాత్రం ఆధారంగా చూపించకండి. అది సాధారణంగా నెలవారీగా ఉంటుంది, కంపెనీ మీటర్‌తో అక్షరాలా సరిపోదు కూడా.

మరొక బలమైన అంశం ప్రకటన. మీరు ఏ ప్రకటన చూసి ఈ ప్లాన్ తీసుకున్నారో గుర్తు చేసుకోండి. పెద్ద అక్షరాల్లో 126 జీబీ అని, పక్కనే రోజుకు 1.5 అని ఉంటే మోసం అనలేం. రోజువారీ పరిమితి ఎక్కడా చెప్పకుండా 126 అని మాత్రమే చూపిస్తే అది తప్పుదోవ పట్టించే ప్రకటన. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా ప్రకటన ఉన్న భాషలోనే ఉండాలి. తెలుగు హోర్డింగ్ మీద 'అపరిమిత డేటా' అని తెలుగులో రాసి, నక్షత్రం గుర్తు పెట్టి పరిమితిని అడుగున సన్నటి ఇంగ్లీషులో రాస్తే కుదరదు. అలాంటిది కనిపిస్తే ఫోటో తీసి ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు.

పై వాటిలో ఏదైనా మీకు వర్తిస్తే మొదటి మెట్టు 198. మీ కంపెనీ ఫిర్యాదుల నంబర్ అదే, ఉచితం. "డేటా అయిపోయింది" అని చెబితే వాళ్లు యాడ్-ఆన్ వేసుకోమంటారు, అంతటితో అయిపోతుంది. "ఫలానా తేదీన 90 శాతం హెచ్చరిక రాలేదు" అనో, "64 కేబీపీఎస్ కూడా రాలేదు" అనో చెప్పి, ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే డాకెట్ నంబర్ తీసుకోండి. జవాబు తృప్తిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లండి. ఫీజు ఉండదు. ఫిర్యాదు పరిష్కరించాల్సిన గడువు ముగిశాక 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. నేరుగా ట్రాయ్‌కి రాస్తే ఉపయోగం ఉండదు. విడి కస్టమర్ల ఫిర్యాదులను అది విచారించదు.

ఆ తర్వాతే కమిషన్. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్‌కి రావని కంపెనీ లాయర్లు చాలాకాలం వాదించారు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు కూడా వాళ్లకి అనుకూలంగానే ఉండేది. 2022 ఫిబ్రవరిలో వోడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించింది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది.

ఒక మాట దాచకుండా చెబుతాను. మీ అమ్మాయి ఆప్షన్లు ఆ రాత్రే పూర్తయ్యాయి, సీటు పోలేదు. కాబట్టి గెలిచినా నష్టపరిహారంగా నెట్ సెంటర్ ఖర్చు, కొద్దిపాటి మానసిక వేదన మొత్తం తప్ప పెద్దగా రాదు. మెసేజీలు మూడూ సమయానికి వచ్చి, వాట్సాప్ మాటలు వెళ్తూ ఉంటే కేసు వేయవద్దు.

సీట్ల కేటాయింపు, రిపోర్టింగ్ పనులు ఇంకా మిగిలే ఉంటాయి కాబట్టి ఒక డేటా యాడ్-ఆన్ ముందే వేసి ఉంచండి. రోజు కోటా అయిన తర్వాతే అది ఖర్చవడం మొదలవుతుంది. కొనేటప్పుడు దాని గడువు చూడండి. ఒక గంటవీ, ఒక రోజువీ ఉంటాయి. మీకు కావలసింది అసలు ప్లాన్ ముగిసేదాకా ఉండేది.