పడకగదికి ముందు గుండెదడ మాత్ర: ముందు మీ ఆయాసం సంగతి చూడండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పెళ్లయి ఐదు నెలలైంది. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్‌ని. భార్య దగ్గరికి వెళ్లేసరికి గుండె దడదడలాడి, చేతులకు చెమటలు పట్టి, అంగం మెత్తబడిపోతోంది. తెల్లవారుజామున మాత్రం స్తంభన మామూలుగానే ఉంటుంది. ఫ్రెండ్ చెప్తే మెడికల్ షాపులో ప్రొప్రనలాల్ 20, క్లోనజెపామ్ 0.5 కలిసిన మాత్ర తెచ్చుకుని నాలుగు నెలలుగా వారానికి మూడు నాలుగు రాత్రులు వేసుకుంటున్నాను. మొదట్లో బాగా పనిచేసింది, ఇప్పుడు ఒకటి చాలట్లేదు. రెండు వేసుకోవచ్చా? దాంతోపాటు సిల్డెనాఫిల్ 100 వేసుకోవచ్చా? బీపీ, షుగర్ లేవు. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, మంచు రోజుల్లో పఫ్ వాడతాను. శనివారాలు కొంచెం మందు తాగుతాను.
- ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: రెండు కాదు, ఒకటి కూడా వద్దు. మీరు చివర్లో రాసిన ఆయాసం మాటే నన్ను భయపెట్టింది. ఆయాసం, అంటే ఆస్తమా ఉన్న మనిషి ప్రొప్రనలాల్ వేసుకోకూడదు. డోసు తక్కువైనా అంతే.

ఎందుకో చెబుతాను. ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు బిగుసుకుపోకుండా చూసేవి బీటా-2 గ్రాహకాలు. మీ పఫ్‌లోని సాల్బుటమాల్ పనిచేసేది వాటి మీదే. ప్రొప్రనలాల్ గుండె దగ్గరున్న బీటా-1 గ్రాహకాలతో పాటు వీటినీ అడ్డుకుంటుంది. దాంతో గొట్టాలు బిగుసుకోవచ్చు, పైగా ఆ సమయంలో పఫ్ కొట్టినా అది పనిచేయాల్సిన చోటు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనుకోకండి. ఆయాసం నెమ్మదించి ఉన్నప్పుడు తట్టుకున్న మాత్రే రొంప పట్టినప్పుడో, సార్వా కోతల దుమ్ము పీల్చినప్పుడో, మంచు ఎక్కువగా కురిసిన రాత్రో ప్రాణం మీదికి తేవచ్చు. ఇప్పటికే మాత్ర వేసుకుని ఉండి ఛాతీ పట్టేసినట్టు, పిల్లికూతలు వచ్చినట్టు అనిపిస్తే, పఫ్‌కు తగ్గకపోతే, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొట్టమొదట చెప్పాల్సిన మాట ‘ప్రొప్రనలాల్ వేసుకున్నాను’ అన్నదే. అది తెలిస్తే వాళ్లు నెబ్యులైజర్‌లో మరో దారిన పనిచేసే ఇప్రాట్రోపియం కూడా కలుపుతారు. సిగ్గుపడి దాచిపెడితే ఆ సమయం పోతుంది.

ఇది చదివే మిగతావారికి కూడా ఒక మాట. నాడి నిమిషానికి 60 లోపు ఉండేవాళ్లు, కళ్లు తిరిగి పడిపోయిన చరిత్ర ఉన్నవాళ్లు, గుండెలో విద్యుత్ ప్రసారానికి బ్లాక్ ఉందని ఈసీజీలో తేలినవాళ్లు, షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ మందును అడిగి తెచ్చుకోకూడదు. షుగర్ పడిపోతే ముందుగా హెచ్చరించే దడ, వణుకు ఈ మాత్రతో కనిపించకుండా పోతాయి. చెమట ఒక్కటే మిగులుతుంది, దాన్ని మన ఉక్కపోతలో ఎవరూ పట్టించుకోరు.

మొదట్లో పనిచేసి ఇప్పుడెందుకు చాలట్లేదన్నది చూద్దాం. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది గుండె మీద బీటా గ్రాహకాల ద్వారా పనిచేసి దడ తెస్తుంది. అంగంలోని రక్తనాళాల మీద మాత్రం ఆల్ఫా గ్రాహకాల ద్వారా పనిచేసి వాటిని బిగిస్తుంది, రక్తం నిండనివ్వదు. ప్రొప్రనలాల్ మొదటి దాన్నే ఆపుతుంది, రెండో దాని జోలికి పోదు. అంటే గుండె నెమ్మదిస్తుంది గానీ అసలు ఇబ్బంది ఉన్న చోట బిగింపు అలాగే ఉంటుంది. దడ లేదన్న ధైర్యం వల్ల కొన్నాళ్లు పని జరిగి ఉంటుంది. ఆ ధైర్యం మాత్రకు ముడిపడిపోయాక ‘ఈరోజు వేసుకోలేదు’ అన్న ఆలోచనే కొత్త భయమైపోతుంది. అంగస్తంభన తగ్గడం ఈ రకం మందులతో కొందరికి వచ్చే ఇబ్బందే అని కూడా తెలుసుకోండి.

ఇక అదే మాత్రలోని రెండో మందు. ప్రొప్రనలాల్ మామూలు రకమైతే తెల్లారేసరికి చాలావరకు దిగిపోతుంది. క్లోనజెపామ్ అలా కాదు. అది ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. సోమవారం రాత్రి వేసుకున్న దానిలో సగానికి పైగా మంగళవారం రాత్రికీ ఉంటుంది. బుధవారం మరొకటి వేస్తే పాతదాని మీద కొత్తది చేరుతుంది. అందుకే మీరు వారానికి మూడు నాలుగు రాత్రులే అనుకుంటున్నా, ఒంటికి అది దాదాపు రోజూ వేసుకున్నట్టే. కొన్ని వారాలకు శరీరం అలవాటుపడి అదే డోసు చాలదు. కోరిక మందగించడం, వీర్యస్ఖలనం బాగా ఆలస్యం కావడం కూడా దీనితో ఉంటాయి. మీరు దేనికోసం వేసుకుంటున్నారో దానికే అడ్డం.

మీ పని తలచుకుంటే ఇంకా ఆందోళనగా ఉంది. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే, మీరు లేచి ఏరేటర్లు చూసుకోవాల్సింది అప్పుడే. ఆ మత్తులో తడి గట్టు మీద, నీళ్లలోకి దిగిన కరెంటు వైర్ల పక్కన, లేదా కాలవ గట్టు రోడ్డు మీద బండి నడుపుతూ ఉండకూడదు. శనివారం మందు విషయం అంతకంటే తీవ్రం. ఆల్కహాల్, క్లోనజెపామ్ రెండూ శ్వాసను మందగింపజేసేవే. ఒకదానిమీద ఒకటి పడితే నిద్రలోనే ఊపిరి తగ్గిపోవచ్చు. ఈ రెండూ కలిసిన రాత్రి మీ ఒంట్లో ఆయాసం కూడా ఉంది.

కోప్పడుతున్నానని అనుకోవద్దు గానీ, ఫ్రెండ్‌కు రాసిన మందు ఫ్రెండ్ ఒంటికి రాసింది. ఇలాంటి జంట మాత్రలు కొన్నిటి పేరు చివర చిన్న తోక లాంటి మాట తప్ప లోపల రెండు మందులున్నాయని తెలియదు. ఏ స్ట్రిప్ అయినా తిప్పి వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న కాంపోజిషన్ చదవండి. క్లోనజెపామ్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అదే జాతికి చెందిన అల్‌ప్రాజోలామ్ అయితే షెడ్యూల్ హెచ్1లో, అంటే ఇంకా గట్టి నిబంధనలున్న మందుల జాబితాలో ఉంది. అది అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు ఉంచాలన్నది నిబంధన. అడగ్గానే చేతిలో పెట్టే షాపు మీకు మేలు చేయడం లేదు.

ఇప్పుడు మానడం ఎలా? ఈ జంట మాత్ర ఇక ముట్టుకోవద్దు. కానీ నాలుగు నెలల క్లోనజెపామ్‌ను మీ అంతట మీరే హఠాత్తుగా ఆపేసి ఇంట్లో కూర్చోవద్దు. రెండు మూడు రోజుల్లోపే జనరల్ ఫిజీషియన్‌ను గానీ సైకియాట్రిస్ట్‌ను గానీ కలవండి. అవసరమనుకుంటే క్లోనజెపామ్ ఒక్కటే విడిగా రాసి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపుతారు. ఈలోగా నిద్ర పూర్తిగా పట్టకపోయినా, చేతులు బాగా వణికినా ఆ రోజే వెళ్లండి. ఫిట్స్ లాంటిది వస్తే నేరుగా ఎమర్జెన్సీకే. మైగ్రేన్‌కో, గుండెజబ్బుకో డాక్టర్ రాసిస్తే ప్రొప్రనలాల్ రోజూ వాడేవాళ్లు మాత్రం ఇది చదివి మానేయకండి. రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే గుండె వేగం ఎగిసిపడుతుంది, గుండెజబ్బు ఉంటే ఛాతీ నొప్పి రావచ్చు.

సిల్డెనాఫిల్ గురించి నేరుగా చెప్పాలంటే, మీలాంటి పరిస్థితిలో డాక్టర్లు దాన్ని కొన్నాళ్లపాటు వాడించడం ఉంది. ఎందుకంటే అది అంగంలోని రక్తనాళాలనే సడలిస్తుంది. కానీ 100తో మొదలుపెట్టరు. సాధారణంగా 25 లేదా 50 మిల్లీగ్రాములు, గంట ముందు. కడుపునిండా వేపుళ్లు తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది, అప్పుడు జనం పనిచేయలేదని రెండోది మింగుతారు. స్పర్శ, కోరిక లేకుండా దానంతటది స్తంభన తేదు. బీపీని కొంత తగ్గిస్తుంది కాబట్టి ప్రొప్రనలాల్ మీద, ఆల్కహాల్ మీద వేసుకుంటే కళ్లు తిరగొచ్చు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారికి ఇది పూర్తిగా నిషిద్ధం. బీపీ, నాడి, పరగడుపు షుగర్ చూసి, కోరిక కూడా తగ్గి ఉంటే ఉదయం పూట టెస్టోస్టెరాన్ చూసి, అప్పుడు డాక్టర్ నిర్ణయిస్తారు.

అసలు తెల్లవారుజామున స్తంభన సరిగా ఉందంటే నరాలు, రక్తనాళాలు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. ఇబ్బంది ‘ఈసారైనా అవుతుందా’ అన్న పరీక్షలో ఉంది. ఆ పరీక్షను తీసేయడమే వైద్యం. దీనికి అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో చెప్పిన పద్ధతిని సెక్స్ థెరపీలో ఇప్పటికీ వాడుతున్నారు. మొదటి రెండు వారాలు సంభోగం చేయకూడదని ఇద్దరూ ముందే మాట అనుకోండి. వారానికి రెండు మూడు సార్లు, ఓ అరగంట, తలుపు వేసుకుని, ఫోన్లు అవతల పెట్టి, రొమ్ములు, జననాంగాలు తప్ప ఒళ్లంతా ఒకరినొకరు తాకండి. స్తంభన వచ్చినా ముందుకు పోవద్దు, రాకపోయినా లెక్కలేదు. దడ మొదలైతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. తర్వాతి రెండు వారాల్లో అంతటా తాకవచ్చు. స్తంభన వచ్చాక కావాలనే కాసేపు ఆగి, తగ్గనిచ్చి, మళ్లీ మొదలుపెట్టండి. తగ్గింది మళ్లీ వస్తుందని కళ్లారా చూసుకోవడం ఇక్కడ ముఖ్యం. ఆ తర్వాతే ప్రవేశం, అదీ మొదట కదలకుండా. ఎక్కువ మంది చెడగొట్టుకునేది మొదటి వారంలోనే, స్తంభన వచ్చిందని హడావిడిగా సంభోగానికి పోయి. అక్కడ మళ్లీ విఫలమైతే మొదటికొస్తుంది.

ఇదంతా ఆవిడకు తెలియకుండా జరగదు. కాబట్టి మాత్రల సంగతి ఆవిడకు చెప్పండి. తన మీద ఇష్టం లేకే ఇలా ఉన్నారేమో అని ఆవిడ అనుకుంటూ ఉండొచ్చు. ఆవిడకూ భయమో, నొప్పో ఉంటే గైనకాలజిస్టుకు చూపించాలి, మీ స్ట్రిప్‌లోంచి సగం ముక్క విరిచి ఇవ్వకూడదు.

రెండు నెలల్లో మార్పు లేకపోతే, లేదా దిగులు, ఆందోళన రోజంతా వెంటాడుతుంటే సైకియాట్రిస్ట్ సలహా అవసరం. ఊళ్లో ఎవరైనా చూస్తారని మొహమాటమైతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మిగిలిన స్ట్రిప్, మీ పఫ్ రెండూ వెంట తీసుకెళ్లండి. చివరిసారి మాత్ర ఏ రోజు, ఏ వేళ వేసుకున్నారో కాగితం మీద రాసుకోండి. మిమ్మల్ని చూడకుండా రాస్తున్న సలహా ఇది. డోసులు ఖరారు చేయాల్సింది మీ ఛాతీ విని, నాడి పట్టుకున్న డాక్టరే.