బంగారం కుదువ పెట్టి గూగుల్‌లో ప్రకటనలు ఇవ్వాలా?

ప్రశ్న: మాది తిరుపతి. సొంతానికి రెండు కార్లున్నాయి. ఎయిర్‌పోర్టు, శ్రీకాళహస్తి, కాణిపాకం బాడుగలకు తిప్పుతాం. కాణిపాకం, వెల్లూరు గోల్డెన్ టెంపుల్ చూపించుకొచ్చే ట్రిప్పుకు డీజిలు, డ్రైవరు బత్తా, టోలు, తమిళనాడు పర్మిటు పోను 1,200 మిగులుతుంది. రెండు బండ్లూ కలిపి నెలకు 25 రోజుల దాకా ఖాళీగా ఉంటున్నాయి. చిన్న వెబ్‌సైటు ఉంది. పోయిన నెల 50 మంది చూస్తే ఇద్దరు బుక్ చేశారు. ఒకాయన ఎస్‌ఈవోకి, అంటే గూగుల్‌లో వెతికితే మా సైటు పైన కనబడేలా చేసే పనికి, నెలకు 8,000 చొప్పున ఏడాది కట్టమంటున్నాడు, మొదటి స్థానం గ్యారంటీ అట. ఇంకొకాయన గూగుల్ యాడ్స్‌లో నెలకు 15,000 పెట్టమంటున్నాడు. డిజిటల్ మార్కెటింగ్ చదివే మా అమ్మాయేమో 'ఎస్‌ఈవో ఫ్రీ, యాడ్స్‌కే డబ్బు, మా పరీక్షలో జవాబు ఇదే' అంటోంది. ఇంట్లో బంగారం కుదువ పెట్టి మొదలుపెడదామనుకుంటున్నా. దేనికి పెట్టమంటారు?

జవాబు: బంగారం మాత్రం ముట్టుకోకండి, రెండింటిలో దేనికైనా సరే. కారు కొనడానికి అప్పు చేస్తే కారన్నా మిగులుతుంది. ప్రకటనకు పెట్టిన డబ్బు క్లిక్ పడగానే అయిపోతుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా మీకు కావలసిన మొత్తం అంత పెద్దది కాదు. నా లెక్కలో 6,000 చాలు, అది కూడా నెలవారీ రాబడిలోంచే తీయవచ్చు.

ముందు అమ్మాయి సంగతి. పరీక్షలో ఆమె రాసే జవాబు తప్పు కాదు. మామూలు ఫలితాల్లో మీ పేజీ మీద ఎవరైనా నొక్కితే గూగుల్‌కు పైసా కట్టక్కర్లేదు. పైన 'Sponsored' అని ఉన్నదాని మీద నొక్కితే కట్టాలి. పరీక్ష అడిగే తేడా అదే. ఇంటి లెక్కలో మాత్రం క్లిక్ ఉచితమేగానీ, ఆ క్లిక్ వచ్చేలా చేసే పని ఉచితం కాదు. ఆ పనికే మిమ్మల్ని ఏడాదికి 96,000 అడుగుతున్నారు.

ఇప్పుడు మీకు తెలియాల్సింది ఒక్క అంకె: ఒక క్లిక్‌కు మీరు ఎంతవరకు పెట్టగలరు? మీరు చెప్పిన 1,200లో టైర్లు, సర్వీసింగ్ కనిపించలేదు. వాటికి ట్రిప్పుకు 200 తీసేద్దాం. కారు ఈఎంఐ ఉన్నా ఇక్కడ తీయక్కర్లేదు. బండి కదిలినా షెడ్డులో ఉన్నా అది కట్టాల్సిందే కదా. కాబట్టి మిగులు 1,000. 50 మందిలో ఇద్దరు బుక్ చేశారంటే 4 శాతం, దీన్నే కన్వర్షన్ రేటు అంటారు. అంటే ఒక బుకింగుకు 25 క్లిక్‌లు కావాలి. వెయ్యిని 25తో భాగిస్తే 40. దీని మీద జీఎస్టీ 18 శాతం ఉంటుంది. మీకు దాన్ని తిరిగి తీసుకునే వీలు లేకపోతే అదీ ఖర్చే, అప్పుడు 40 కాస్తా 34 అవుతుంది. 34 పెడితే మీకు మిగిలేది సున్నా, ఊరికే బండి తిప్పినట్టు. మిగులులో సగమైనా చేతికి రావాలంటే క్లిక్‌కు 17 దాటకూడదు.

ఇదే లెక్క ఎయిర్‌పోర్టు బాడుగకు వేసి చూడండి. రేణిగుంటకు వెళ్లొస్తే మీకు 250 మిగులుతుందనుకుందాం. క్లిక్‌కు ఎనిమిదిన్నర దగ్గరే మిగులు మొత్తం హరించుకుపోతుంది. కాబట్టి ప్రకటన కాణిపాకం ట్రిప్పుకే ఇవ్వండి, ఎయిర్‌పోర్టుకు వద్దు.

ఎస్‌ఈవో ఆయన అడిగిన 8,000ను కూడా ఈ తూకంలోనే పెట్టండి. నెలకు 8,000 రావాలంటే 8 బుకింగులు, అంటే మామూలు ఫలితాల్లోంచి 200 మంది అదనంగా రావాలి. అప్పటికి ఫీజు మాత్రమే గిట్టినట్టు. ఎస్‌ఈవో ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని గూగుల్ వాళ్లే చెప్పారు. ఆ నెలలన్నీ మీరు ఎదురు కడుతూ పోవాలి. తర్వాతైనా ఎంత వస్తుంది? మీకున్న ఖాళీ 25 రోజులే. వెయ్యి మంది వచ్చి చూసినా రెండు కార్లతో అంతకు మించి తిప్పలేరు. ఇరవై బండ్ల ట్రావెల్స్‌కు ఆ ఫీజు గిట్టవచ్చు, మీకు గిట్టదు. ఇక మొదటి స్థానం గ్యారంటీ మాట. గూగుల్‌లో మొదటి ర్యాంకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. అలా మాటిచ్చేవాళ్లు సాధారణంగా ఎవరూ వెతకని మాటకు మొదటి స్థానం చూపిస్తారు, లేదంటే లింకులు కొనిపెడతారు. లింకులు కొనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే ఉన్న చోటు కూడా పోతుంది.

అలాగని ఎస్‌ఈవోను పక్కన పెట్టమనడం లేదు, మీ స్థాయికి ఇంట్లోనే చేసుకోండి అంటున్నాను. అమ్మాయి ఉంది కదా. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగినవాళ్లు టాక్సీ కోసం వెతికితే మ్యాపులో వచ్చేవి ఆ ప్రొఫైళ్లే. అక్కడ గూగుల్ ప్రధానంగా చూసేవి మూడు: అడిగినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, నలుగురికీ ఎంత తెలుసు. మూడోది రివ్యూలతో పెరుగుతుంది. దర్శనం బాగా జరిగిందని సంతోషంగా దిగే కుటుంబాన్ని డ్రైవరు అప్పుడే అడగాలి, ఇల్లు చేరాక ఎవరూ రాయరు.

రెండో పని, కాణిపాకం ట్రిప్పుకు విడిగా ఒక పేజీ. 'Tirupati to Kanipakam Taxi' అని టైటిల్ పెట్టి, మొత్తం బాడుగ ఎంత, అందులో టోలూ పర్మిటూ కలిశాయా లేదా, పొద్దున ఎన్నింటికి బయలుదేరితే ఎప్పటికి తిరిగొస్తారు, అన్నీ అక్కడే ఉండాలి. ఫోన్ నంబరు పైనే కనిపించాలి. పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే మెటా కీవర్డ్స్ నింపడానికి డబ్బడిగితే ఇవ్వకండి, ర్యాంకింగ్‌లో వాటిని లెక్కలోకి తీసుకోనని గూగుల్ 2009లోనే చెప్పింది.

ఈ పేజీని ముందు చేయమనడానికి డబ్బు కారణం ఇంకొకటుంది. ప్రకటనలో ఎక్కువ పాడినవాడే పైన ఉంటాడనుకుంటారు, అది పూర్తి నిజం కాదు. పాఠ్యపుస్తకాల సూత్రం ఇది: యాడ్ ర్యాంక్ = బిడ్ × క్వాలిటీ స్కోర్. మీరు 20 పాడారు, స్కోరు 8 అయితే 160. పక్క ట్రావెల్స్ ఆయన 30 పాడాడు, స్కోరు 5 అయితే 150. పైన మీరే. కట్టేది కూడా 20 కాదు. ఆయన 150ని మీ 8తో భాగిస్తే 18.75, దానికంటే ఒక పిసరు ఎక్కువ కడితే చాలు. అదే మీ పేజీ నాసిగా ఉండి స్కోరు 5కు పడితే, ఆయనను దాటడానికి మీరూ 30 పైన పాడాలి. అమ్మాయి పరీక్షలో ఈ సూత్రం రాయవచ్చు. నిజానికి నేటి గూగుల్ వేలంలో 1 నుంచి 10 దాకా కనిపించే ఆ స్కోరు నేరుగా వాడరు, అది రిపోర్టు కార్డు లాంటిది. దాని వెనకున్న మూడింటినీ మాత్రం ప్రతి వేలంలో అప్పటికప్పుడు కొలుస్తారు: జనం నొక్కే అవకాశం, ప్రకటన వెతికినదానికి సరిపోవడం, నొక్కాక తెరుచుకునే పేజీ బాగుండడం. ఇంకో తికమక ప్రశ్న కూడా వస్తుంటుంది: యాడ్స్‌కు డబ్బు కడితే మామూలు ఫలితాల్లో ర్యాంకు పెరుగుతుందా? పెరగదు.

డబ్బు కారిపోయే చోటు నాకు సొంత అనుభవం. మా ఆఫీసు కోసం `financial planner tirupati` అని బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దానికి సంబంధం ఉందనుకున్న ఏ వెతుకులాటకైనా చూపించేలా, పెట్టి వదిలేశాను. తొమ్మిది రోజుల తర్వాత జనం నిజంగా ఏమని వెతికారో చూపించే `Search terms` రిపోర్టు తెరిస్తే, నొక్కినవాళ్లలో సగం మంది ఉద్యోగం కోసం వెతికినవాళ్లే! ఫోన్ చేసిన ఇద్దరు కూడా జీతమెంత ఇస్తారని అడిగారు. మూడు వేలు అలా పోయాయి. మీకైతే ఈ గతి బస్సు టైమింగుల వల్ల పడుతుంది. అందుకని ఇలా పెట్టండి:

```
"tirupati to kanipakam taxi"
[tirupati to kanipakam taxi]
```

కోట్స్‌లో పెడితే ఫ్రేజ్ మ్యాచ్, ఆ అర్థం కలిసిన వెతుకులాటలకు కనబడుతుంది. బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ మ్యాచ్, అచ్చం ఆ అర్థమున్నవాటికే కనబడుతుంది. నెగటివ్ కీవర్డ్స్ జాబితాలో, అంటే ఏ మాటలుంటే ప్రకటన చూపించొద్దో ఆ జాబితాలో, `bus`, `train`, `timing`, `timings`, `job` రాయండి. ఏకవచనం, బహువచనం రెండూ రాయాలి, ఒకటి రాస్తే రెండోదాన్ని అది ఆపదు. ఇంకొక మాట, ప్రకటన తిరుపతిలో మాత్రమే చూపించమని పెట్టకండి. మీ బేరం చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో కూర్చుని ప్రయాణం ప్లాన్ చేసుకుంటోంది.

ఇక 6,000 పరీక్ష. రోజు బడ్జెట్ 165 పెట్టండి, క్లిక్‌కు గరిష్ఠ పరిమితి 17. ఒక్కో రోజు గూగుల్ 330 దాకా ఖర్చు చేస్తే టెన్షన్ పడొద్దు, అది మామూలే. నెల మొత్తానికి మాత్రం రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటదు. జీఎస్టీతో కలిపి 5,900 చిల్లర అవుతుంది, సుమారు 300 క్లిక్‌లు వస్తాయి. 12 బుకింగులు వస్తే మీ 4 శాతం నిజమే, ఖర్చు పోను 6,000 మిగిలింది, వచ్చే నెలా కొనసాగించండి. ఐదే వస్తే వెయ్యి చేతినుంచి పోయినట్టు, అప్పుడు పేజీనో బాడుగనో మార్చాలి. బిడ్ పెంచితే నష్టం పెరుగుతుందంతే. ఈ అనుమానం ఎందుకంటే 50 మందిలో ఇద్దరనేది చాలా చిన్న లెక్క, ఆ ఇద్దరిలో ఒకరు మీ బంధువు స్నేహితుడైనా లెక్క సగమైపోతుంది. వంద క్లిక్‌లకు ఒక్క బుకింగు కూడా రాకపోతే నెల దాకా ఆగకుండా ఆపేయండి. మీ 17కు ప్రకటన అసలు కనబడకపోతే, ఆ మాటకు ధర మీ స్తోమత దాటిందని అర్థం. తిరుమల బ్రహ్మోత్సవాలకీ, వైకుంఠ ఏకాదశికీ, వేసవి సెలవులకీ బండ్లు ఎటూ నిండుతాయి కాబట్టి ఆ రోజుల్లో ప్రకటన ఆపి ఉంచండి.

చివరగా ఒక నోటుబుక్కు కొనండి. మీ బుకింగులు ఎక్కువగా ఫోన్లోనే వస్తాయి, ఎవరు ఏది చూసి చేశారో గూగుల్‌కు దానంతటదే తెలియదు. ఫోనెత్తిన ప్రతిసారీ 'మా నంబరు ఎక్కడ చూశారండీ' అని అడిగి, యాడ్, మ్యాపు, పాత కస్టమరు అని మూడు గడుల్లో గీత పెట్టండి. నెలాఖరుకు ఆ పేజీ ఫోటో తీసి పంపితే, 15,000 అడిగినాయనకు ఏం చెప్పాలో అప్పుడు మాట్లాడుకుందాం.